ఊపిరి గట్టిగా పీల్చమంటే కళ్ళు తిరిగాయి: పదో తరగతి పిల్లలకి 40 నిమిషాల్లో ఏం చెప్పాలి?

గోదారిగట్టు_కౌన్సెలర్
పరీక్షలకి ఇంకా 18 రోజులుంది. మా బళ్ళో పదో తరగతి పిల్లలు 116 మంది. శనివారం మధ్యాహ్నం ప్రార్థన షెడ్డులో కూర్చోబెట్టి 40 నిమిషాలు మాట్లాడమన్నారు హెచ్చెమ్ గారు. ముందే తలో చీటీ ఇచ్చి, పేరు లేకుండా, "హాల్లో ఏం జరుగుతుందని భయం?" అని రాయించాను. సగానికి పైగా చీటీల్లో ఒకటే మాట: "అంతా చదివాను, పేపరు చూడగానే మర్చిపోతానేమో."

కాబట్టి టైమ్‌టేబుళ్ళు, తల్లిదండ్రుల ఆశలు, సెల్‌ఫోను అన్నీ పక్కన పెట్టి ఈ ఒక్కదాని మీదే మాట్లాడదామనుకుంటున్నా. చిక్కేంటంటే, నెల కిందట తొమ్మిది వాళ్ళకి "గట్టిగా ఊపిరి పీల్చి వదలండి" అని చేయిస్తే ఇద్దరమ్మాయిలు కళ్ళు తిరుగుతున్నాయని కూర్చుండిపోయారు. ఒకబ్బాయి వేళ్ళు జివ్వుమంటున్నాయన్నాడు. తప్పు ఎక్కడ జరిగింది? ఊపిరి కాకుండా హాల్లో నిజంగా పనికొచ్చేది ఇంకేముంది?

వెనకబెంచీ
"టెన్షన్ పడకండి" అని మైకులో గట్టిగా అరవండి. మా కాలంలో అదే కౌన్సెలింగు.

వేపచెట్టు_నీడ
మీరు చెప్పిన జివ్వుమనడం, కళ్ళు తిరగడం భయంవల్ల కాదండీ, ఊపిరి ఎక్కువైపోవడంవల్ల. "గట్టిగా" అన్న మాటతోనే తప్పు మొదలైంది. పిల్లలు భుజాలు పైకెత్తి, నోరు తెరిచి, గబగబా పెద్దపెద్దగా పీలుస్తారు. అప్పుడు ఒంట్లో ఉండాల్సిన బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోతుంది. దాంతో మెదడుకి వెళ్ళే రక్తనాళాలు కాస్త ముడుచుకుంటాయి, తల తేలిపోతుంది, వేళ్ళూ పెదాల చుట్టూ జివ్వుమంటుంది. ప్రమాదం ఏమీ లేదు, కానీ ముందే బెదిరి ఉన్న పిల్లకి ఇదంతా "నాకేదో అవుతోంది" అనిపిస్తుంది. తగ్గించబోయి పెంచినట్టు.

పీల్చడం మీద కాదు, వదలడం మీద దృష్టి పెట్టించండి. ముక్కుతో మామూలుగా, చప్పుడు లేకుండా, 4 అంకెలు లెక్కపెట్టేంతసేపు లోపలికి. తర్వాత 6 అంకెలు లెక్కపెడుతూ మెల్లగా బయటికి, వేడి పాలు ఊదుకున్నట్టు. అంటే ఒక్కో ఊపిరికి 10 సెకన్లు, నిమిషానికి 6. కొత్తగా చేసేవాళ్ళకి 4-6 పొడుగనిపిస్తే 3-4తో మొదలుపెట్టండి. బయటికి వదిలేది లోపలికి తీసుకునేదానికంటే ఎక్కువసేపు ఉండటమే ముఖ్యం, అంకె ఎంతన్నది కాదు. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది, మనం ఆ భాగాన్ని సాగదీస్తున్నాం, అంతే.

సరిగ్గా చేస్తున్నారో లేదో స్టేజీ మీంచే కనబడుతుంది. భుజాలు లేస్తుంటే తప్పు. షెడ్డులో బుస్సుమని శబ్దం వస్తుంటే తప్పు. ఆవలింతలు మొదలైతే ఆపేసి మామూలుగా ఊపిరి తీసుకోమనండి. ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, అది కదిలితే చాలనండి.

పీఈటీ_బుల్లెట్
వేపచెట్టు గారూ, 4 పీల్చి, 4 బిగబట్టి, 4 వదిలి, మళ్ళీ 4 బిగబట్టడం ఇంకా మంచిది కదా? మిలటరీ వాళ్ళు చేసేది అదే. గ్రౌండులో మా పిల్లలకి అదే నేర్పిస్తాం. బిగబట్టకపోతే మనసు నిలబడదు.

వేపచెట్టు_నీడ
మీ గ్రౌండు పిల్లలకి బాగానే పనిచేస్తుంది సార్, తప్పులేదు. వాళ్ళకి ఊపిరి బిగబట్టడం అలవాటు. కానీ 116 మందిలో ఉబ్బసం ఉన్నవాళ్ళుంటారు, భయపడితే గొంతు పట్టేసినట్టు అనిపించేవాళ్ళుంటారు. వాళ్ళకి బిగబట్టమంటే ఊపిరాడని భావన వస్తుంది. గుంపు మొత్తానికి ఒకే పద్ధతి చెప్పాల్సి వచ్చినప్పుడు బిగబట్టడం లేనిదే మేలు. "మనసు నిలబడదు" అన్నారు, అది లెక్కపెట్టడంవల్ల నిలబడుతుంది, బిగబట్టడంవల్ల కాదు.

పీఈటీ_బుల్లెట్
ఉబ్బసం సంగతి ఒప్పుకుంటా. మిగతాది ఒప్పుకోను గానీ, మీ చర్చ మీరు కానివ్వండి.

సుద్దముక్క
ఊపిరి మంచిదే. అది భయాన్ని తగ్గిస్తుంది గానీ జవాబు రాయదు. ఆ 10 సెకన్ల తర్వాత పిల్లాడి చెయ్యి ఏం చెయ్యాలో కూడా మీరు చెప్పాలి. నేను లెక్కల పేపరు మీద చెప్తాను, ఎక్కువమందికి చేతులు చల్లబడేది అక్కడే.

ఆంధ్రాలో పేపరు ఉదయం 9:30 నుంచి 12:45. మొదటి 15 నిమిషాలు చదువుకోవడానికి. లెక్కల పేపర్లో 33 ప్రశ్నలు: 1 మార్కువి 12, 2 మార్కులవి 8, 4 మార్కులవి 8, 8 మార్కులవి 5. పిల్లలు ఆ 15 నిమిషాల్లో చేసే పెద్ద తప్పు ఏంటంటే, పేపరు తిప్పి నేరుగా 8 మార్కుల దగ్గరికి వెళ్తారు. అందులో ఒకటి చూడగానే తెలియనట్టు అనిపిస్తుంది. అక్కడే ఇరుక్కుని, మనసులోనే చెయ్యడానికి ప్రయత్నించి, రాక, మిగతా 32 ప్రశ్నలూ రావనే నిర్ణయానికి వచ్చేస్తారు. బెల్లు కొట్టేసరికి పిల్లాడు సగం ఓడిపోయి ఉంటాడు.

చదివే టైములో లెక్క చెయ్యకూడదు. మొదటి నుంచి వరసగా చదువుతూ ప్రతి ప్రశ్ననీ మనసులో మూడు గంపల్లో వెయ్యాలి: వచ్చు, సగం వచ్చు, తర్వాత చూద్దాం. "రాదు" అనే గంప లేదు. 8 మార్కుల ప్రశ్నల్లో రెండిట్లో ఒకటి రాసే వీలుంది కాబట్టి అక్కడ రెండూ చదివాకే ఏదో తేల్చుకోవాలి. మొదటిది రాలేదని కంగారుపడి రెండోది చూడనివాళ్ళు ప్రతి బ్యాచిలోనూ ఉంటారు.

ఇక రాసే టైము 180 నిమిషాలు. మార్కుకి నిమిషంన్నర చొప్పున వేసుకోండి. బిట్లకి 18, రెండు మార్కులవాటికి 24, నాలుగు మార్కులవాటికి 48, ఎనిమిది మార్కులవాటికి 60. మొత్తం 150. ఇంకా 30 నిమిషాలు చేతిలో ఉంటాయి. ఈ 30 నిమిషాలే పిల్లాడికి మీరిచ్చే అసలు ధైర్యం. "మర్చిపోయినదాని దగ్గరికి తిరిగి రావడానికి నీకు అరగంట ఉంది" అని అంకెతో చెప్తే నమ్ముతాడు. "నువ్వు చెయ్యగలవు" అంటే నమ్మడు.

పాలమూరు_పంతులు
సుద్దముక్క సార్ లెక్క మంచిగున్నది గానీ మా దిక్కు గిట్ల నడవది. తెలంగాణల 9:30కి మొదలైతే 12:30కే గంట కొడతరు. పైగా లెక్కల పేపర్ల బిట్ల పార్టు ఆఖరి అరగంటలనే రాయాలె. "ముందుగాల బిట్లు రాసి ధైర్యం తెచ్చుకో" అని చెప్పే వీడియోలు మా పిల్లలు చూసి ఆగమైతున్నరు. మా పిల్లలకు చెప్పేటోళ్ళు "ముందుగాల వచ్చిన రెండు మార్కులది రాయి" అనాలె.

సుద్దముక్క
నిజమే పంతులు గారూ, అది నేను చెప్పి ఉండాల్సింది. ఎక్కడైనా సూత్రం ఒకటే: మొదట రాసేది కచ్చితంగా వచ్చింది, చిన్నది అయ్యుండాలి. ఆంధ్రాలో అది బిట్టు కావచ్చు, మీకు రెండు మార్కులది.

ఇద్దరమ్మాయిల_నాన్న
మా పెద్దమ్మాయి పదో తరగతి. తెల్లారుజామున 4కి లేపి చదివిస్తున్నాం, రాత్రి 11:30కి పడుకుంటుంది. చదివింది నిలవడం లేదంటుంది. జ్ఞాపకశక్తికి సిరప్పేదైనా చెప్పండి. మెడికల్ షాపులో గుండె దడ తగ్గే మాత్ర పరీక్ష ముందు వేసుకుంటే చేతులు వణకవని అన్నారు, వెయ్యొచ్చా?

వేపచెట్టు_నీడ
ఆ మాత్ర వద్దు. డాక్టరు చూడకుండా అస్సలు వద్దు. దడ తగ్గించే ఆ రకం మాత్రల్లో కొన్ని ఉబ్బసం ఉన్న పిల్లలకి ఊపిరి బిగిసిపోయేలా చేస్తాయి, కొందరికి బీపీ పడిపోయి హాల్లోనే తూలతారు. పరీక్ష రోజు దేన్నీ మొదటిసారి చెయ్యకూడదు, మాత్ర అయినా, కాఫీ అయినా, కొత్త పెన్ను అయినా.

సిరప్పు కన్నా ముందు లెక్క చూడండి సార్. 11:30 నుంచి 4 దాకా అంటే నాలుగున్నర గంటలు. ఆ వయసుకి 8 నుంచి 10 గంటలు కావాలి. పగలు చదివినదాన్ని మెదడు సర్దిపెట్టుకునే పని చాలావరకు నిద్రలోనే జరుగుతుంది. మీరు చదివిస్తున్నారు, దాచుకునే సమయం తీసేస్తున్నారు. రాత్రి 10కి పడుకోబెట్టి 5:30కి లేపినా చాలా తేడా వస్తుంది. పది రోజుల ముందే మొదలుపెట్టండి, చివరి రాత్రి ఒక్కసారిగా తొందరగా పడుకోమంటే నిద్ర పట్టదు.

ఇద్దరమ్మాయిల_నాన్న
వాళ్ళ స్టడీ అవర్సే 9:30 దాకా ఉంటాయి మేడమ్. ఇంటికొచ్చి తినేసరికి 10:30. పొద్దున 6:30కి మళ్ళీ బడి. 10కి ఎలా పడుకుంటుంది?

వెనకబెంచీ
ఇదీ అసలు కౌన్సెలింగు ఇవ్వాల్సిన చోటు. పిల్లలకి కాదు, స్టడీ అవర్స్ పెట్టినవాళ్ళకి.

గోదారిగట్టు_కౌన్సెలర్
ఈ మాట మా స్టాఫ్ రూములో అనడానికి నాకు ఇంకా ధైర్యం రాలేదు. ఊపిరి 4-6 పెట్టి అడిగి చూస్తా :)

ఎర్రసిరా
మీరంతా "ఒత్తిడివల్ల మర్చిపోతారు" అని ఖాయం చేసేసుకున్నారు. సగం మంది విషయంలో అది మర్చిపోవడం కాదు, అసలు పట్టుబడకపోవడం. పుస్తకం నాలుగోసారి చదువుతుంటే కళ్ళకి అన్నీ తెలిసినట్టే ఉంటాయి. వీధిలో రోజూ కనబడే మనిషి పేరు అడిగితే చెప్పలేనట్టు. ఆ పిల్లలకి ఊపిరి నేర్పితే ప్రశాంతంగా ఖాళీ పేపరు ఇచ్చి వస్తారు.

వేపచెట్టు_నీడ
ప్రశాంతంగా ఖాళీ పేపరు! ఒప్పుకుంటున్నా. దీని మీద 2006లో రోడిగర్, కార్పికె అని ఇద్దరు చేసిన ప్రయోగం మన పిల్లలకి చెప్పదగ్గది. ఒక గుంపు పాఠాన్ని మళ్ళీమళ్ళీ చదివింది. ఇంకో గుంపు ఒకసారి చదివి, మూసేసి, గుర్తున్నది రాసింది. 5 నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్ళే గెలిచారు. వారం తర్వాత పెడితే రాసినవాళ్ళు గెలిచారు. అందుకే రాత్రి చదివి "వచ్చేసింది" అనుకున్న పిల్ల వారం తర్వాత కంగుతింటుంది. 2016లో ఇంకొకటి చూశారు: అలా మూసి రాసే పద్ధతిలో నేర్చుకున్నవాళ్ళకి, ఒత్తిడి పెట్టిన తర్వాత కూడా జ్ఞాపకం పెద్దగా దెబ్బతినలేదు. అంటే ఎర్రసిరా గారి మాటా, మన మాటా ఒకే చోట కలుస్తాయి.

ఎర్రసిరా
అయితే కౌన్సెలర్ గారు ఏది ఏదో ముందు తేల్చాలి. తేలిక పరీక్ష ఉంది. పిల్లాడు రాలేదన్న జవాబుకి మొదటి మాట అందించండి. "కిరణజన్య సంయోగక్రియ... పత్రహరితం..." అనగానే మిగతాది గడగడా వచ్చేస్తే ఉన్నది దొరకలేదు, అంతే. వాడికి ఊపిరీ, కొక్కెం పట్టుకునే పద్ధతీ చాలు. మొదటి మాట అందించినా బిక్కమొహం వేస్తే అది లోపల లేదు. వాడికి కావాల్సింది తెల్లకాగితం.

గోదారిగట్టు_కౌన్సెలర్
ఇది షెడ్డులోనే చేయించొచ్చు! మూడు నిమిషాలు ఏదో ఒక పేజీ చదివించి, పుస్తకాలు మూయించి, నాలుగు నిమిషాలు రాయిస్తే? "కొక్కెం పట్టుకోవడం" అన్నారు, అదేంటో ఎవరైనా ఒక ఉదాహరణతో చెప్పండి, పిల్లల ముందు బోర్డు మీద చూపించేలా.

సుద్దముక్క
నేను చెప్తా. అంకశ్రేఢిలో n పదాల మొత్తం కనుక్కోమన్న ప్రశ్న అనుకోండి. పిల్ల సూత్రం మర్చిపోయింది. Sn అని రాసి, ఆ సమానం గుర్తు దగ్గర పెన్ను ఆగిపోయింది. అక్కడే చూస్తూ కూర్చుంటే ఎంతసేపైనా రాదు. ఎందుకంటే "రావట్లేదు, రావట్లేదు" అన్న మాటే బుర్రంతా ఆక్రమించింది, వెతకడానికి చోటు లేదు.

మొదటిది, పెన్ను కింద పెట్టాలి. నిజంగా బల్ల మీద పెట్టాలి. పాదాలు నేలకి ఆనించి ఆరు ఊపిరులు, ఒక్క నిమిషం.

రెండోది, తెలియనిదాన్ని వదిలి దాని పక్కింటి తలుపు తట్టాలి. ప్రశ్నలో ఇచ్చినవి రాయాలి: a ఎంత, d ఎంత, n ఎంత. ఇది ఊరికే కాదు, లెక్కల్లో సోపానాలకి మార్కులుంటాయి కాబట్టి ఇప్పటికే ఏదో కొంత పడింది. తర్వాత గుర్తున్న సూత్రం, an = a + (n−1)d, పక్కన రాసుకోవాలి. అది చాలామంది మర్చిపోరు.

మూడోది, చిన్న లెక్క. చిత్తు రాసుకునే చోట 2, 5, 8, 11 అని రాసుకోమనండి. ఈ చివరదీ ఆ చివరదీ కలిపితే 2 + 11 = 13. లోపలివి రెండు కలిపితే 5 + 8 = 13. ఒకటే వచ్చింది! నాలుగు పదాలు, రెండు జతలు, 2 × 13 = 26. అంటే జతల సంఖ్య n/2, ఒక్కో జత విలువ మొదటి పదం + చివరి పదం. చివరి పదం ఎలాగూ a + (n−1)d. రెండూ కలిపితే

Sn = n/2 [2a + (n−1)d]

సూత్రం గుర్తురాలేదు, తయారైంది. దీనికి రెండు నిమిషాలు పడుతుంది. అప్పటికీ రాకపోతే ఆ పేజీలో మిగిలిన చోటు వదిలేసి, మార్జిన్లో ప్రశ్న నంబరు వేసి, ముందుకి పోవాలి. తిరిగొచ్చే అరగంటలో చూసుకోవచ్చు. వేరే లెక్క చేస్తుండగా ఇది తనంతట తనే తట్టడం మామూలే.

పాలమూరు_పంతులు
ఈ 2, 5, 8, 11 బోర్డు మీద చూపిస్తే పిల్లలు మస్తుగ పట్టుకుంటరు. సోషలుకు గిట్ల ఎట్ల చేయాలె? అండ్ల తయారుచేసుకునే సూత్రాలుండయి గద.

ఎర్రసిరా
సోషలుకి కొక్కెం వేరు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఎందుకు, తర్వాత ఏమైంది. ఉప్పు సత్యాగ్రహం అడిగారు, ఏమీ తట్టలేదు. 1930 తడుతుందా? దండి తడుతుందా? సబర్మతి? ఏ ఒక్కటి తట్టినా అది రాసెయ్యాలి, దాని తోక పట్టుకుని రెండోది వస్తుంది. ఎందుకు ఉప్పే? ఉప్పు మీద పన్ను, తయారీ ప్రభుత్వం చేతిలో, బీదవాడూ తినేది. ఇదిగో మూడు వాక్యాలు. ఇంకో దారి, పాఠం పుస్తకంలో ఎక్కడుందో కళ్ళముందుకి తెచ్చుకోవడం: ఎడమ పేజీనా, కుడి పేజీనా, పక్కన బొమ్మ ఏముంది? గైడులో బట్టీ పట్టినవాళ్ళకి ఇది పనిచెయ్యదు, అందులో బొమ్మలుండవు కదా.

గుంటూరుకారం
భయాలన్నీ కాగితం మీద రాయించి చించి పారేయించండి. పరీక్షకి ముందు పది నిమిషాలు అలా రాస్తే మార్కులు పెరుగుతాయని పరిశోధన ఉంది. అదొక్కటీ చేస్తే చాలు, ఈ సూత్రాలూ జతలూ అక్కర్లేదు.

వేపచెట్టు_నీడ
ఉంది. 2011లో రామిరెజ్, బైలాక్ అనే ఇద్దరు ప్రచురించారు. రాయించారు, మార్కులు మెరుగయ్యాయి, చాలా పేరొచ్చింది. కానీ 2018లో కొన్ని ప్రసిద్ధ ప్రయోగాలని మళ్ళీ చేసి చూసినప్పుడు, నిలబడనివాటిలో ఇదీ ఒకటి. అందుకని "మార్కులు పెరుగుతాయి" అని పిల్లలకి మాటివ్వకండి. చీటీ రాయించడం ఇందుకు మాత్రం పనికొస్తుంది: పక్కవాడూ అదే రాశాడని తెలుస్తుంది. కౌన్సెలర్ గారు ఆ చీటీల్లోంచి నాలుగైదు చదివి వినిపిస్తే చాలు. చేతిరాత ఎవరూ గుర్తుపట్టకుండా చూసుకోండి.

గుంటూరుకారం
నేను చదివిన దాంట్లో 2018 సంగతి లేదు. సరే. చించడం మాత్రం ఉంచండి, సరదాగా ఉంటుంది.

వెనకబెంచీ
116 మంది చించితే షెడ్డు ఎవరు ఊడుస్తారు?

రిటైర్డ్_హెచ్చెమ్
ఒక మాట అడుగుతాను. "ఫెయిలైనా ఫర్వాలేదు, సప్లిమెంటరీ ఉంది" అని ఈ ప్రసంగాల్లో చెప్తుంటారు. 18 రోజుల ముందు ఆ మాట చెప్పడం తగదని నా అభిప్రాయం. అంచున ఉన్న పిల్లవాడు చదవడం మానేస్తాడు. ధైర్యం వేరు, సడలింపు వేరు.

వేపచెట్టు_నీడ
"ఫర్వాలేదు" అనొద్దు సార్, ఒప్పుకుంటా. కానీ ఉన్న విషయం ఉన్నట్టు చెప్పాలి: ఫలితాలొచ్చిన కొన్ని వారాలకే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ జరుగుతుంది, పోయిన సబ్జెక్టు మాత్రమే రాస్తారు, అదే ఏడాది ఇంటర్‌లో చేరొచ్చు. రీకౌంటింగు, రీవెరిఫికేషను ఉన్నాయి. అంచున ఉన్న పిల్లవాడు చదవడం మానేసేది సప్లిమెంటరీ ఉందని తెలిసి కాదు, ఎలాగూ అయిపోయింది అనుకుని.

రిటైర్డ్_హెచ్చెమ్
అది మీ అనుభవం కావచ్చు. నాకు నమ్మకం కుదరలేదు. ఆ విషయం ఫలితాల రోజున చెప్పాలి, ఇప్పుడు కాదు.

సుద్దముక్క
హెచ్చెమ్ గారూ, ఫలితాల రోజున పిల్లలు బడికి రారు సార్. ఫోన్లో చూసుకుంటారు, ఒంటరిగా.

గోదారిగట్టు_కౌన్సెలర్
ఇక్కడ నాకో సందేహం. చీటీల్లో రెండు వేరుగా ఉన్నాయి. ఒకదాంట్లో "తక్కువొస్తే ఇంటికెళ్ళను" అని ఉంది. ప్రసంగంలో దీన్ని ఎలా తీసుకురావాలి?

వేపచెట్టు_నీడ
మైకులో తీసుకురాకండి. ఎక్కడో ఎవరో పిల్లలు చేసుకున్న అఘాయిత్యాల గురించి హెచ్చరికగా కూడా చెప్పొద్దు, ఆ కథలు కొందరికి దారి చూపించినట్టవుతాయి. మైకులో ఇంత చాలు: "ఒక చీటీ రాసినవాళ్ళతో నేను మాట్లాడాలనుకుంటున్నా, సోమవారం మధ్యాహ్నం భోజనం వేళ నా గదిలోనే ఉంటా, ఎవరైనా రావచ్చు." బోర్డు మీద 14416 అని పెద్దగా రాయండి, అది టెలి మానస్, రాత్రీ పగలూ ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. 1098 కూడా.

కానీ సోమవారం దాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. క్లాసు టీచర్లని ఈరోజే అడగండి: ఈ మధ్య ఎవరు తినడం మానేశారు, ఎవరు స్నేహితులకి దూరంగా జరిగారు, ఎవరు తమ వస్తువులు పంచిపెడుతున్నారు. ఎవరో తెలిశాక ఒంటరిగా కూర్చోబెట్టి సూటిగానే అడగండి: "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" అని. అడిగితే ఆలోచన పుడుతుందనే భయం వద్దు, చాలామందికి అడిగినందుకే బరువు దిగుతుంది. అవునంటే ఒంటరిగా వదలకుండా, అదే రోజు ఇంట్లో పెద్దవాళ్ళకీ డాక్టరుకీ చేర్చాలి. "ఎవరికీ చెప్పను" అని మాత్రం మాటివ్వకండి.

గోదారిగట్టు_కౌన్సెలర్
ఇప్పుడే ఇద్దరు క్లాసు టీచర్లకి ఫోను చేశాను. చేతిరాత చూసి ఒకరు పోల్చారనుకుంటా. రేపు పొద్దున మాట్లాడతా. థాంక్స్ మేడమ్.

(మర్నాడు)

గోదారిగట్టు_కౌన్సెలర్
ఆ అమ్మాయితో మాట్లాడాను, వాళ్ళమ్మా వచ్చారు. అంతకు మించి ఇక్కడ రాయను.

శనివారానికి ఇలా అనుకుంటున్నా. చీటీలు చదివి వినిపించడం 5 నిమిషాలు. పేజీ చదివించి మూయించి రాయించడం 8. మొదటి మాట అందించి చూడటం 4. ఊపిరి 4-6, రెండు నిమిషాల చొప్పున రెండుసార్లు, మధ్యలో భుజాలు సరిచేస్తూ 6. బోర్డు మీద 2, 5, 8, 11 పది నిమిషాలు, లెక్కల సారే వచ్చి చేస్తానన్నారు. అరగంట మిగిలే ఆ 150 లెక్క 4. ఆఖరి 3 నిమిషాలు 14416, నా గది. సప్లిమెంటరీ గురించి ఒక్క వాక్యం, హెచ్చెమ్ గారు కోప్పడితే పడతారు.

పీఈటీ_బుల్లెట్
ఊపిరి ఒక్కరోజు చేస్తే హాల్లో గుర్తురాదు. బంతి ఒక్కరోజు ఆడితే మ్యాచి ఆడలేనట్టే. రోజూ స్లిప్ టెస్టుకి ముందు ఒక్క నిమిషం చేయించండి, 18 రోజులూ.

వేపచెట్టు_నీడ
ఈ చర్చ మొత్తంలో నేను చెప్పడం మర్చిపోయిన ముఖ్యమైన మాట ఇది. స్లిప్ టెస్టు ముందే ఎందుకంటే, కాస్త దడ ఉన్నప్పుడు నేర్చుకున్నదే దడ ఉన్నప్పుడు పనికొస్తుంది. ఇంకోటి, దడ మొత్తం పోవాలని పిల్లలకి చెప్పకండి. కొంచెం మిగిలే ఉంటుంది, దాంతోనే రాయొచ్చు. పోలేదేంటని వెతుక్కుంటే మళ్ళీ పెరుగుతుంది.

ఇద్దరమ్మాయిల_నాన్న
నాకు తోచింది: పరీక్ష అట్ట మీద మూల చిన్నగా "4-6" అని రాసుకుంటే హాల్లో చూడగానే గుర్తొస్తుంది కదా?

సుద్దముక్క
అయ్యో, వద్దు సార్! అట్ట మీదా, హాల్ టికెట్ మీదా, స్కేలు మీదా ఒక్క గీత కూడా ఉండకూడదు. అది ఊపిరి లెక్కో, బిట్ల జవాబో స్క్వాడ్ వాళ్ళకి ఎలా తెలుస్తుంది? మాల్ ప్రాక్టీస్ కింద రాసేస్తారు. వేళ్ళు చాలు. బొటనవేలితో చూపుడువేలు నుంచి చిటికెన వేలు దాకా తాకితే 4. వదిలేటప్పుడు అలాగే 4 తాకి, వెనక్కి వస్తూ ఇంకో 2 తాకితే 6.

వెనకబెంచీ
కళ్ళు మూసుకుని ఊపిరి తీస్తుంటే ఇన్విజిలేటర్ నిద్రపోతున్నాడనుకుని లేపితే?

సుద్దముక్క
కళ్ళు తెరిచే చెయ్యమనండి. చూపు ప్రశ్నపత్రం మీద కాకుండా పెన్ను మీద ఉంచాలి. పక్కవాడి పేపరు మీద మాత్రం ఉండకూడదు, అప్పుడు నిజంగానే లేపుతారు.